మొక్క పేరు ఆకు కాడలో ఉంది

కుండీలో మొక్క ఫోటో చూపించి పేరడిగితే, వృక్షశాస్త్రం తెలిసినవారు ముందుగా పువ్వు కోసం వెతుకుతారు. ఈ అలవాటు లిన్నేయస్ కాలం నుంచి గట్టిపడింది. 1735లో ఆయన మొక్కలన్నిటినీ 24 తరగతులుగా విభజించాడు. పువ్వులో కేసరాలు ఎన్ని ఉన్నాయి, ఎలా అమరి ఉన్నాయి అన్నదే ఆ విభజనకు ప్రధాన ఆధారం. పువ్వు కంటికి కనిపించని ఫెర్న్‌లు, నాచుల వంటివన్నీ చివరి తరగతిలో చేరాయి. 1778లో ఫ్రాన్సులో లామార్క్ తన దేశపు మొక్కల గురించి పుస్తకం వెలువరిస్తూ, పేరు కనుక్కోవడానికి ఒక పనిముట్టును అందులో పెట్టాడు. దాన్నే ఇప్పుడు గుర్తింపు కీ అంటున్నాం. ప్రతి మెట్టు దగ్గరా ఒకదానికొకటి విరుద్ధమైన రెండు వాక్యాలుంటాయి. చేతిలో ఉన్న మొక్కకు సరిపోయే వాక్యాన్ని ఎంచుకుంటే అది తర్వాతి జంటకు దారి చూపుతుంది. అలా వెళ్తే చివరికి పేరు వస్తుంది. లామార్క్ ప్రశ్నల్లోనూ పువ్వుకు పెద్దపీటే ఉంది. కానీ ఈ పద్ధతి నడవడానికి పువ్వే ఉండాలన్న నియమం ఏమీ లేదు. కంటికి కనిపించే ఏ లక్షణాన్నైనా ప్రశ్నగా మార్చుకోవచ్చు. ఇళ్లలో పెంచే మొక్కల్లో చాలావాటిని ఆకులతోనే గుర్తుపట్టవచ్చని చెప్పడానికి ధైర్యం అక్కడే దొరుకుతుంది. అయితే ఒక షరతు ఉంది. ఆకు ఏ ఆకారంలో ఉంది అని అడిగితే చాలదు, ఆ ఆకు తీగ మీద ఎలా పుట్టింది, ఎలా నిలబడింది అని అడగాలి.

ఇందుకు మనీ ప్లాంటును మించిన ఉదాహరణ లేదు. ఫ్రెంచ్ పాలినేషియాలోని మొరేయా దీవి దీని స్వస్థలం. ఇప్పుడు మన ఇళ్లలో నీళ్ల సీసాలో, కిటికీ చువ్వల మీద, మామిడి మాను మీద కూడా పెరుగుతుంది గానీ పూయదు. పూతకు అవసరమైన జిబ్బరెల్లిన్ అనే హార్మోనును తయారుచేసే జన్యువు దీనిలో సరిగా పనిచేయకపోవడమే కారణమని 2016లో వెలువడిన పరిశోధన తేల్చింది. పువ్వు లేకపోవడం పేరు మీద ఎంత ప్రభావం చూపిందో చూడండి. 1880లో దీన్ని పోథోస్ ఆరియస్ అన్నారు. 1962లో అరుదుగా ఒక పువ్వు కనిపించాక రాఫిడోఫోరా ప్రజాతిలోకి మార్చారు. ఆ పువ్వును ఇంకాస్త నిశితంగా పరిశీలించి, ఎపిప్రెమ్నమ్ పిన్నేటమ్ అనే మొక్కతో కలిపేశారు. చివరికి ఆకులు, పెరిగే తీరు సహా మొక్క మొత్తాన్ని పరిశీలించి మళ్లీ విడదీసి, ఎపిప్రెమ్నమ్ ఆరియమ్ అని స్థిరపరిచారు. అంటే పువ్వు దీని ప్రజాతిని చూపింది, దగ్గరి బంధువు నుంచి వేరు చేయడానికి మాత్రం ఆకుల సాక్ష్యం కూడా కావలసి వచ్చింది.

ఇప్పుడు ఒక ఫోటో తీసుకుందాం. అందులో హృదయాకారంలో ఉన్న పచ్చని ఆకుల తీగ ఉంది. మచ్చలు లేవు, పువ్వు లేదు. మన ఇళ్లలో ఈ రూపానికి మూడు మొక్కలు పోటీకి వస్తాయి: తమలపాకు, మనీ ప్లాంటు, హృదయాకారపు ఆకుల ఫిలోడెండ్రాన్. మొదటి ప్రశ్న ఈనెల గురించి. ఆకు మొదలు దగ్గరి నుంచే ఐదారు పెద్ద ఈనెలు విల్లులా వంగి కొనవైపు సాగితే అది తమలపాకు. మధ్యలో ఒక్కటే పెద్ద ఈనె ఉండి, దానికి రెండువైపులా సన్నని ఈనెలు చాలా ఉంటే మిగిలిన రెండింటిలో ఒకటి. రెండో ప్రశ్నకు ఆకు కాడను పైనుంచి చూడాలి. మనీ ప్లాంటు కాడ మీద పొడవునా గాడి ఉంటుంది. గాడి అంచుల్లో ఉండే పలచని పొర ముదిరిన ఆకుల్లో ఎండి గోధుమరంగు కాగితంలా కనిపిస్తుంది. ఫిలోడెండ్రాన్ కాడ నున్నగా, దాదాపు గుండ్రంగా ఉంటుంది. మూడో ప్రశ్న చిగురు గురించి, ఇదే అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. మనీ ప్లాంటులో కొత్త ఆకు ముందున్న ఆకు కాడ గాడిలోంచి చుట్ట విప్పుకుంటూ బయటికొస్తుంది. ఫిలోడెండ్రాన్‌లో ప్రతి కొత్త ఆకునూ ఒక ప్రత్యేకమైన తొడుగు కప్పి ఉంచుతుంది. ఆకు విచ్చుకున్నాక ఆ తొడుగు ఎండి కణుపు దగ్గర వేలాడుతుంది, తర్వాత రాలిపోతుంది. కణుపు దగ్గరి గాలి వేళ్లు కూడా చూడదగ్గవే. మనీ ప్లాంటు కణుపుకు సాధారణంగా లావాటి మొటిమలాంటి వేరు ఒకటి ఉంటుంది, ఫిలోడెండ్రాన్‌కు సన్నని వేళ్లు గుత్తిగా వస్తాయి. నాలుగూ ఒకే వైపు చూపితే ఇక సందేహం అక్కర్లేదు.

ఆకును నమ్మలేమని, వెలుగును బట్టీ వయసును బట్టీ మారిపోతుందని, పువ్వు మాత్రం మారదని ఒక అభ్యంతరం ఉంది. అందులో నిజం ఉంది. నీడలో పెట్టిన మనీ ప్లాంటు పసుపు చారలు పోగొట్టుకుని పూర్తి పచ్చగా మారుతుంది. కుండీలో అరచేతిలో ఇమిడే ఆకు, అదే తీగ పెద్ద చెట్టెక్కితే మూరెడుకు పైగా పెరిగి, అంచుల్లో చీలికలు పడి, వేరే మొక్కేమో అనిపిస్తుంది. కానీ మారుతున్నవి ఏవో గమనించాలి. రంగు, కొలత, అంచు మారుతున్నాయి. కాడ మీద గాడి, చిగురు పుట్టే తీరు కుండీలోనూ చెట్టు మీదా ఒకటే. కాబట్టి ఈ అభ్యంతరం ఆకు రెక్కకు వర్తిస్తుంది గానీ, ఆకు నిర్మాణం మొత్తానికీ వర్తించదు.

ఫోన్ యాప్ ఉండగా ఈ శ్రమంతా ఎందుకన్నది రెండో అభ్యంతరం. యాప్‌ల చరిత్రే దీనికి సమాధానం చెబుతుంది. 2011లో అమెరికాలో వచ్చిన లీఫ్‌స్నాప్ ఆకును తెల్లని కాగితం మీద పెట్టి ఫోటో తీయమనేది. ఆ ఫోటోలో ఆకు అంచుల వంపులను కొలిచి, ఈశాన్య అమెరికా చెట్ల ఆకులతో పోల్చి చూసేది. ఓక్, మేపుల్ వంటి చెట్ల ఆకుల అంచులు ప్రత్యేకంగా ఉంటాయి కనుక ఆ పద్ధతి అక్కడ పనికొచ్చింది. మన మూడు తీగల అంచులు ఒకేలా ఉంటాయి, పైగా తెల్లకాగితం మీద తుంచిపెట్టిన ఆకుకు చిగురూ కణుపూ ఉండవు. ఆ తర్వాత ఫ్రాన్సు నుంచి వచ్చిన ప్లాంట్‌నెట్ ఆకు, పువ్వు, కాయ, బెరడు వంటి భాగాలను వేరువేరు ఫోటోలుగా తీసుకుని అన్నిటినీ కలిపి లెక్కవేస్తుంది. ఎక్కువ భాగాలు చూపిస్తే జవాబు గట్టిపడుతుందన్న గ్రహింపు ఆ మార్పులో ఉంది. అయినా యాప్ ఇచ్చేది పోలికను బట్టి పేర్చిన పేర్ల జాబితా. పై పేరుకూ కింది పేరుకూ తేడా చూపే కణుపు ఫోటోలోనే లేకపోతే, ఆ కొరత ఏ లెక్కా తీర్చలేదు.

అందుకే పేరు అడిగేవారు ఆకును తుంచకుండా మూడు ఫోటోలు తీయాలి: మొక్క మొత్తం ఒకటి, కాడను పైనుంచి దగ్గరగా ఒకటి, తీగ కొన చిగురు, దాని కింది కణుపు కలిసి కనిపించేలా ఒకటి. పేరు చెప్పేవారికి లామార్క్ పద్ధతే ఒక క్రమశిక్షణ నేర్పుతుంది. ఏ మెట్టు దగ్గర సాక్ష్యం అయిపోతుందో అక్కడే ఆగాలి. ఈనెలు మాత్రమే కనిపించే ఫోటోకు సరైన జవాబు, ఇది తమలపాకు కాదు, మనీ ప్లాంటో ఫిలోడెండ్రానో కావచ్చు, చిగురు ఫోటో పంపండి అని. ఊహతో మిగతా మెట్లు దిగి ఒక్క పేరు పలకడం కంటే ఈ సగం జవాబు ఎక్కువ ఉపయోగపడుతుంది, ఎందుకంటే తర్వాత ఎక్కడ చూడాలో అది చెబుతుంది.