పొడుగు గంట కొట్టేదాకా

జూన్‌లో బడులు తెరిచిన మొదటి వారం ఒకటో తరగతి టీచరుకి పాఠం చెప్పే పని తక్కువ, ఊరుకోబెట్టే పని ఎక్కువ. ఒక పిల్ల గుమ్మం పట్టుకుని వదలదు. ఇంకొకడు ఏడవడు గానీ, పుస్తకాల సంచి భుజం మీంచి దించడు. ఈ రెండో రకం వాళ్ళను చూసి ‘బుద్ధిగా కూర్చున్నాడు’ అనుకుంటాం. సంచి దించలేదంటే, ఎవరైనా పిలిస్తే చాలు, ఇంటికి లేచిపోవడానికి కాచుకుని ఉన్నాడన్నమాట.

ఇలాంటి తరగతిలో ఐదు నిమిషాల కథ ఒకటి పనికొస్తుంది. మొదటి రోజు బడికెళ్ళి భయపడ్డ పిల్లవాడి కథ. అల్లడం తేలికే అనిపిస్తుంది: వాడు ఏడ్చాడు, టీచరు చాక్లెట్ ఇచ్చింది, కళ్ళు తుడుచుకున్నాడు, మర్నాటి నుంచి ఉత్సాహంగా పరుగెత్తుకొచ్చాడు. ఇదే చాలాచోట్ల చెబుతారు, ఇదే పనిచెయ్యదు. వినేవాడికి చాక్లెట్ అయిపోయాక కూడా దిగులు పోలేదు మరి. కథలో వాడికి పోయింది, తనకి పోలేదు. అంటే లోపం తనలోనే ఉందనుకుంటాడు.

అసలు భయం దేని గురించో ముందు తెలియాలి. తల్లి కనబడకపోతే బెంగపడటం ఏడాది లోపే మొదలవుతుంది. మూడేళ్ళు వచ్చేసరికి చాలామందిలో సర్దుకుంటుంది. కొత్త చోటు, కొత్త మనుషులు ఎదురైతే ఐదారేళ్ళ వాళ్ళలోనూ మళ్ళీ తలెత్తుతుంది. దాన్ని అడిగి చూస్తే చాలాసార్లు చిన్న చిన్న ప్రశ్నలుగా బయటికొస్తుంది. అమ్మ ఎప్పుడొస్తుంది? ఒంటికి వస్తే ఎవరినడగాలి, ఎటు వెళ్ళాలి? పక్కన కూర్చున్నవాడు కొడతాడా? ‘భయపడకు’ అన్న మాటలో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. ‘నాలుగింటికి వస్తా’ అన్నా లాభం లేదు, గడియారం చూడటం వాడికింకా రాదు. ‘ఇదిగో ఇప్పుడే వస్తా’ అని చెప్పి జారుకోవడం అన్నిటికంటే చెరుపు. మర్నాడు అమ్మ నిజం చెప్పినా నమ్మడు.

ఈ సంగతులు మనసులో పెట్టుకుని కథ అల్లితే ఇలా ఉంటుంది.

“బుజ్జిబాబు మొదటి రోజు బడికి వచ్చాడు. అమ్మ గేటు దగ్గర ఆగి, ‘పొడుగు గంట కొట్టగానే ఇక్కడే ఉంటాను’ అంది. చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. బుజ్జిబాబు కడుపులో గుడగుడలాడింది. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. టీచరు వచ్చి, ‘ఈ బలపాలు అందరికీ తలా ఒకటి ఇస్తావా?’ అంది. లేచి ఇచ్చాడు. ఒక పాప ఏడుస్తూ తీసుకుంది. అంతలో ‘ణంగ్, ణంగ్’ అని గంట కొట్టారు. బుజ్జిబాబు సంచి తగిలించుకుని గేటు దగ్గరికి పరుగెత్తాడు. అమ్మ లేదు! ఏడుపొచ్చేసింది. టీచరు వచ్చి పక్కన కూర్చుంది. ‘అది ఒంటికి వెళ్ళే గంట. తర్వాత అన్నం గంట కొడతారు. ఆఖరున పొడుగ్గా మోగుతుంది, అదీ ఇంటి గంట. పద, ఒంటికి ఎటు వెళ్ళాలో చూపిస్తా’ అంది. అన్నం గంట కొట్టారు. బుజ్జిబాబు గుడ్డు తిన్నాడు, అన్నం కొంచెమే తిన్నాడు. ఇంకా దిగులుగానే ఉంది. బలపం తీసుకున్న పాప వచ్చి పక్కన కూర్చుంది. అప్పుడు మోగింది గంట, ణంగణంగణంగణంగ... గేటు దగ్గర అమ్మ ఉంది.”

ఇంతే కథ. ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన చోటు, గేటు దగ్గర అమ్మ కనబడకపోవడం. పెద్దవాళ్ళకి ఆ భాగం తీసెయ్యాలనిపిస్తుంది, పిల్లల్ని ఎందుకు ఏడిపించడమని. కానీ ఆ రోజు తరగతిలో సగంమంది గంట మోగిన ప్రతిసారీ గేటు వైపే చూస్తుంటారు. తాము పొరబడిన చోటే బుజ్జిబాబూ పొరబడ్డాడని వింటే కాస్త ఊపిరి పీల్చుకుంటారు. పైగా బడి రోజు ఎలా గడుస్తుందో మూడు గంటల్లో చెప్పెయ్యొచ్చు. చిన్న పిల్లలకి కాలం అంటే వరస: ఒంటి గంట, అన్నం గంట, ఇంటి గంట. మీ బడిలో గంటలు వేరుగా ఉంటే కథలోనూ అలాగే మార్చండి. కథలో మోగిన గంట బడిలో మోగకపోతే మొత్తం చెడుతుంది.

బలపాలు పంచే పని కూడా ఊరికే పెట్టలేదు. ‘నీ పేరేంటి, మీ నాన్న ఏం చేస్తాడు’ అని అడిగితే భయపడ్డవాడు నోరు విప్పడు. చేతికి పనిస్తే మాట్లాడకుండానే పదిమంది దగ్గరికి వెళ్ళొస్తాడు. ఇక భయం చివరిదాకా పూర్తిగా పోలేదని గమనించే ఉంటారు. అన్నం కొంచెమే తిన్నాడు. ఆ ఒక్క వాక్యం చాలు, దిగులుతో కూడా రోజు గడపొచ్చని చెప్పడానికి.

అమెరికాలో ఇలాంటి కథలతో బోలెడు పుస్తకాలొచ్చాయి. 1993లో ఆడ్రీ పెన్ రాసిన ‘ది కిస్సింగ్ హ్యాండ్’లో రకూన్ పిల్ల బడికి వెళ్ళనంటుంది. తల్లి దాని అరచేతిలో ముద్దుపెట్టి, బెంగపడ్డప్పుడు ఆ చెయ్యి చెంపకి ఆనించుకోమంటుంది. దిగులుకి చేతిలో ఒక ఆసరా ఇవ్వడం మంచి ఊహ. మన పిల్లలకైతే అమ్మ చేతిరుమాలు జేబులో ఉన్నా అదే పని చేస్తుంది. 2000లో వచ్చిన జూలీ డానెబర్గ్ పుస్తకం ‘ఫస్ట్ డే జిటర్స్’ ఇంకో దారి పట్టింది. దుప్పటి ముసుగు తీయనని మొరాయించే సారా ఆ బడికి కొత్తగా వచ్చిన టీచరే అని చివరికి తేలుతుంది. మూడు, నాలుగు తరగతుల వాళ్ళు పడీపడీ నవ్వుతారు. ఒకటో తరగతిలో మాత్రం నేను దాన్ని చెప్పను. టీచరమ్మకే భయమైతే ఇక నన్ను ఎవరు చూస్తారని బెంగెట్టుకునే వయసు అది.

చెప్పే తీరులో రెండు జాగ్రత్తలు చాలు. బుజ్జిబాబు అన్న పేరు తరగతిలో ఎవరికీ ఉండకూడదు, ఉంటే పాపం ఆ పిల్లాడి వైపే అందరూ తిరుగుతారు. గేటు దగ్గర అమ్మ లేదన్నాక ఆగి, ‘ఇప్పుడు వాడేం చేస్తాడు?’ అని అడగండి. ఏం చెప్పినా దిద్దకండి. ‘గోడ దూకేస్తాడు’ అంటాడొకడు. ‘వాళ్ళమ్మ రాదు’ అంటుంది ఇంకొక పిల్ల. ఆ రెండో మాటను గుర్తుపెట్టుకోవాలి. సాయంత్రం ఆ పిల్లను తీసుకెళ్ళడానికి ఎవరు, ఎప్పుడొస్తున్నారో కనుక్కోవాలి. మర్నాడు అదే కథ అదే మాటలతో మళ్ళీ చెప్పాలి. మూడోసారికి ‘ణంగణంగ’ వాళ్ళే మోగిస్తారు. కథ పట్టిందనడానికి అంతకన్నా గుర్తు అక్కర్లేదు.

రెండు మూడు వారాల్లో చాలామంది సర్దుకుంటారు. ఆ తర్వాత కూడా పొద్దున బడి వేళకే కడుపునొప్పి వచ్చి, ఆదివారం రాకుండా ఉంటే, లేదా కొన్నాళ్ళు బాగా వచ్చిన పిల్ల ఉన్నట్టుండి రానని మొండికేస్తే, ఇక కథలతో అయ్యే పని కాదు. మరుగుదొడ్డికి తలుపు లేదేమో, పెద్ద తరగతివాడు ఏడిపిస్తున్నాడేమో, ఎవరైనా కొట్టారేమో చూడాలి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బడిలో పిల్లల్ని కొట్టడమే కాదు, మాటలతో హింసించడం కూడా నిషిద్ధం. అలాంటప్పుడు పిల్లని ‘ఎందుకు భయం?’ అని అడిగితే తల దించుకుంటుంది. ‘ఏ గంట అప్పుడు దిగులేస్తుంది?’ అని అడిగి చూడండి. ఒంటి గంట అంటే ఒక సంగతి, అన్నం గంట అంటే ఇంకొకటి. ఎక్కడికెళ్ళి చూడాలో అక్కడే తెలిసిపోతుంది.