ఆరుంపావుకి ‘ఏం వండమంటారు?’

ఉదయం ఆరుంపావు. హైదరాబాద్ కొండాపూర్‌లో ఓ ఫ్లాటు. వంటక్క తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికొచ్చింది. పడకగది తలుపు మూసే ఉంది. అమెరికా వాళ్లతో మీటింగులు ముగించుకుని భార్యాభర్తలు పడుకునేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. ఫ్రిజ్‌లో అరకట్ట తోటకూర, గుప్పెడు బెండకాయలు, నిన్నటి సాంబారు ఉన్నాయి. తలుపు కొడితే విసుక్కుంటారు. కొట్టకుండా తోటకూరపప్పు వండితే ‘మళ్లీ పప్పేనా అక్కా’ అంటారు. ఏం చెయ్యాలో తేల్చుకునేలోపు పదినిమిషాలు గడిచిపోయాయి.

ఆ పదినిమిషాల కథ నాకు బాగా తెలుసు. ఆవిడ పొద్దున చేసే మూడిళ్లలో మాది మూడోది. మొదటింట్లో ఆరుంపావు నుంచి ఏడున్నర, రెండోదానిలో ఏడూ నలభై నుంచి తొమ్మిది, మా ఇంట్లో తొమ్మిదిన్నరకి. ఒకింటికీ ఇంకోదానికీ మధ్య ఉండే వ్యవధి లిఫ్టు దిగి, రోడ్డు దాటి, ఇంకో గేటు దగ్గర పేరు చెప్పుకోవడానికే సరిపోతుంది. మొదటింట్లో బెండకాయ దొరక్కపోయినా ఆ సంగతి మా వంటింటి గడియారంలో కనిపిస్తుంది.

గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఈ అక్కని ఆ దంపతులు పెట్టుకున్నప్పుడు మాట్లాడుకున్నది రెండు ముక్కలే. ‘ఇద్దరికీ పొద్దున టిఫిను, లంచ్ బాక్సులు. నెలకి ఏడువేల ఎనిమిది వందలు.’ ఆదివారం సెలవు. ఇంతే. ఆరునెలలు సాఫీగానే నడిచింది. తరవాత అబ్బాయిగారి అమ్మ పదిరోజులకని వచ్చి రెండునెలలు ఉన్నారు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఆవిడకి విడిగా ఓ కూర. చపాతీలు ఎనిమిది కాస్తా పద్నాలుగయ్యాయి. జీతం మాత్రం అదే.

ఆరు చపాతీలేగా అనిపిస్తుంది. లోపలికి రాగానే పిండి కలిపి మూతపెట్టి, అది నానేలోపు కుక్కర్లో పప్పు, రైస్ కుక్కర్లో బియ్యం పెట్టి, కూర తరిగి, రెండో పొయ్యి మీద పోపు వెయ్యడం ఆవిడ పద్ధతి. కుక్కరు దిగాక ఆ పొయ్యి పెనానికి ఖాళీ అవుతుంది. ఒకటి కాలుతుండగా ఇంకోటి వత్తేటంత చెయ్యి తిరిగినా చపాతీకి నిమిషంన్నర పడుతుంది. ఆరు పెరిగితే తొమ్మిది నిమిషాలు. రెండో కూరకి పొయ్యి కావాలి కాబట్టి పెనం ఇంకాసేపు ఆగాలి. మొత్తం ఇరవై నిమిషాల పైమాటే. రెండోయింటివాళ్లకి ఎనిమిదిన్నరకి ఆఫీసు బస్సు. వారంలో మూడుసార్లు బాక్సు లేకుండా వెళ్లాక, ఈ నెలాఖరుకి వేరే మనిషిని చూసుకుంటామన్నారు.

అప్పుడు అక్క ఓ ఆదివారం మొదటింటికి వెళ్లి కూర్చుంది. ‘మీ అత్తగారికి వండనని కాదమ్మా. నా టైము సరిపోటంలేదండి’ అంది. ఆ మాటతో బేరం దారిలో పడింది. అప్పటిదాకా వాళ్లు జీతాన్ని వంటకి ఇస్తున్నామనుకున్నారు. ఆవిడ లెక్కలో అది పొద్దున్న పూట గంటంపావుకి. ఆ గంటంపావు వీళ్లకి ఇచ్చేశాక ఇంకెవరికీ అమ్ముకోలేదు కదా.

ఆ లెక్కలోంచే మిగతావన్నీ తేలాయి. గంటంపావులో అయ్యేది ఒక టిఫిను, ఒక పప్పో పులుసో, ఒక కూర, అన్నం, ఎనిమిది చపాతీలు. మూడో మనిషి పదిరోజులకి మించి ఉంటే నెలకి పదిహేను వందలు, అరగంట ముందుగా రావడం. అంతకంటే తక్కువ రోజులైతే రోజుకి డెబ్బై అయిదు. స్టవ్వూ గట్టూ తుడవడం ఆవిడ పని, గిన్నెలు తోమడం కాదు. ఈ చివరిది చిన్నదిగా కనిపిస్తుందిగానీ, పనిమనిషి రాని రోజున ‘ఈ ఒక్కరోజుకీ’ అని మొదలై అలవాటుగా మారేది సరిగ్గా అదే. నెలలో మూడుసార్లు ‘ఈ ఒక్కరోజుకీ’ వినబడితే పని పెరిగిందనే లెక్క.

మెనూ ముందురాత్రి తొమ్మిదిలోపు వాట్సాప్‌లో చెప్పాలి. అక్కకి చదవడం అంత బాగా రాదు, కాబట్టి వాయిస్ మెసేజ్, దానితో ఫ్రిజ్ లోపలి ఫొటో. కబురు రాకపోతే ఉన్నదాంట్లో ఆవిడ ఇష్టం, మాట పడేది లేదు. ఇంకో షరతు ఆవిడే పెట్టింది. గోంగూర, గోరుచిక్కుడు లాంటివి ఒలిచి ఉంచితేనే ఆ రోజు చపాతీ. కట్ట గోంగూర తుంచి, ఇసక పోయేదాకా కడిగేసరికి కూర వండినంత సేపవుతుంది.

సెలవుల దగ్గర మాత్రం కాస్త గట్టిగానే వాదన జరిగింది. ఆదివారాలు పోగా నెలకి రెండురోజులు జీతంతో సెలవు, సంక్రాంతికి ఊరెళితే నాలుగు రోజులు, పదిహేను రోజుల ముందు చెప్పాలి. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు. అంతకు మించి మానితే కోత ఎంత? ముప్ఫైతో భాగిస్తే రోజుకి రెండు వందల అరవై. పనిచేసే ఇరవై ఆరు రోజులతో భాగిస్తే మూడువందలు. మూడురోజులు మానితే తేడా నూట ఇరవై. కోతకి ఏ అంకె వాడితే అదనపు రోజు పనికీ అదే వాడాలంది అక్క. ఆదివారం చుట్టాలొచ్చి పిలిస్తే మూడువందలు. ఇరవై ఆరుకే ఒప్పుకున్నారు.

ఇంటివాళ్లే ఊరెళ్తేనో? చాలా ఇళ్లలో ఆ వారం జీతం కోసేస్తారు, అది తప్పని కూడా అనుకోరు. నా మటుకు నాకు ఇది న్యాయంగా తోచదు. వాళ్లు గోవాలో ఉన్న వారం ఆ ఆరుంపావు ఖాళీగానే ఉంటుంది. వారానికి కొత్త ఇల్లు ఎవరిస్తారు? స్కూలు సెలవులకి వెళ్లినా ఆటోకి నెలంతా ఇస్తాం కదా. ఆ దంపతులు పదిరోజుల దాకా పూర్తి జీతమనీ, దాటితే సగమనీ ఒప్పుకున్నారు. మానాలన్నా మాన్పించాలన్నా పదిహేను రోజుల ముందు చెప్పడం, లేదా ఆ పదిహేను రోజుల జీతం.

చట్టం అండగా ఉంటుందిలే అనుకోవడానికి ఇంటి పనివాళ్ల కోసం దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం లేదు. అలాంటిది అవసరమేమో కమిటీ వేసి పరిశీలించమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. ఒక్క విషయంలో మాత్రం స్పష్టత ఉంది. లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఇంటిని కూడా పనిచేసే చోటుగానే లెక్కిస్తుంది, జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. జీతం, గంటలు, సెలవుల సంగతి మాత్రం ఇప్పటికీ ఆ వంటింట్లో తేలాల్సిందే.

వాళ్లేమీ బాండు పేపరు రాసుకోలేదు. అనుకున్నవన్నీ అమ్మాయి ఫోన్లో చదివి వాయిస్‌గా పంపింది. ఇద్దరి దగ్గరా అదే ఉంది. ఫ్రిజ్ పక్కన క్యాలెండర్లో అక్క రాని రోజుకి సున్నా, అదనపు రోజుకి ఇంటూ. నెల మొదట్లో అడ్వాన్సు తీసుకుంటే ఆ అంకె కూడా అక్కడే. రెండోయింటివాళ్లు వేరే మనిషిని వెతకడం మానేశారు. మా ఇంటికి తొమ్మిదిన్నరకే వస్తోంది, నాకు వంక పెట్టడానికి ఏమీ దొరకడంలేదు.

మొన్న రాత్రి అమ్మాయి నాకు ఆ వాయిస్ మెసేజ్‌లు వినిపించింది. ‘అక్కా, రేపు బెండకాయ వేపుడు’ అని ఈమె. నిమిషంలో అటునుంచి జవాబు. ‘అయితే ఇప్పుడే కడిగేసి గుడ్డమీద ఆరబెట్టెయ్యండమ్మా. పొద్దున తడిముక్కలేస్తే జిగురొచ్చేత్తదండి, మళ్లీ నన్నంటారు.’