రాజీనామా లేఖ: చివరి పనిదినం నిర్ణయించడం

ఒక అకౌంటెంట్ ఉద్యోగం వదిలి పన్ను సలహా కార్యాలయం పెట్టదలచాడనుకోండి. అతని పొదుపు 3,00,000 రూపాయలు. కార్యాలయ ఏర్పాటుకు 60,000 పోగా 2,40,000 మిగులుతుంది. ఇంటి ఖర్చు, అద్దె కలిపి నెలకు 30,000 అయితే, ఆదాయం లేకున్నా 8 నెలలు గడుస్తాయి. ఈ లెక్క జీతం ఆగిన రోజు నుంచి మొదలవుతుందని గమనించండి.

అందువల్ల లేఖలో కీలకమైనది చివరి పనిదినం. నోటీసు కాలం రెండు నెలలైతే, జనవరి 31న లేఖ ఇచ్చి మార్చి 31న వైదొలగవచ్చు. పొదుపు నవంబరు చివరి వరకు వస్తుంది. సాధారణంగా జులై 31 గడువుగా ఉండే వేతనదారుల రిటర్నుల పని ఆలోపే దొరుకుతుంది. అదే లేఖ జులై 31న ఇస్తే, పొదుపు మే చివరికే, అంటే పని ఊపందుకోకముందే అయిపోతుంది.

నమూనా చూడండి:

“అయ్యా, నియామక పత్రంలోని రెండు నెలల నోటీసు నిబంధన ప్రకారం రాజీనామా చేస్తున్నాను. మార్చి 31 నా చివరి పనిదినం. ఆలోగా లెడ్జర్లను, పెండింగులో ఉన్న జీఎస్టీ, టీడీఎస్ రిటర్నుల జాబితాను అప్పగిస్తాను. రిలీవింగ్ లెటర్, తుది బకాయిలు ఇప్పించగలరు.”

పొదుపు గురించి, కొత్త కార్యాలయం గురించి ఇందులో రాయనవసరం లేదు. తేదీకి బదులు ‘త్వరలో’ అని రాస్తే మాత్రం, నోటీసు ఎప్పటికి పూర్తవుతుందనే వివాదం వచ్చి తుది బకాయిల్లో కోత పడవచ్చు.