మొటిమల క్యాప్సూల్ వాడుతున్నప్పుడు చర్మ సంరక్షణ ఎలా?

తీవ్రమైన మొటిమలకు చర్మవైద్యులు సూచించే ఐసోట్రెటినోయిన్ క్యాప్సూల్ మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లో చాలా మందికి ముందుగా తెలిసే మార్పు పెదవులు ఎండిపోవడం. ఆ తరువాత ముఖం బిగుసుకుపోయినట్లు అనిపిస్తుంది, చర్మం పొట్టు రాలుతుంది, ఎండలోకి వెళితే చురుక్కుమంటుంది. మొటిమలు మాత్రం ఆ సరికి తగ్గకపోవచ్చు. కొందరిలో తొలి వారాల్లో కాస్త పెరగవచ్చు కూడా. మందు పడలేదని భావించి కొందరు మధ్యలోనే మానేసేది ఈ దశలోనే. చికిత్స పూర్తికాకుండా ఆపితే మొటిమలు తిరిగి వచ్చే అవకాశం పెరుగుతుంది. అందువల్ల ఈ నెలల్లో చర్మాన్ని ఎలా చూసుకోవాలన్నది చికిత్స చివరి వరకు సాగుతుందా లేదా అన్నదానితో ముడిపడిన విషయం.

ఐసోట్రెటినోయిన్ విటమిన్-ఎ కుటుంబానికి చెందిన ఔషధం. చర్మంలోని తైలగ్రంథులను కుదించి, అవి స్రవించే నూనెను బాగా తగ్గించడం దీని ప్రధానమైన పని. ఆ నూనె తగ్గడం వల్లనే మొటిమలు తగ్గుతాయి. అదే సమయంలో మందు ప్రభావంతో చర్మపు పైపొర పలచబడుతుంది, లోపలి తేమను పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది. అంటే చర్మం పొడిబారడం మందు పనిచేసే తీరులోనే ఉంది. పెదవుల చర్మం సహజంగానే పలుచనిది, దానికి తేమను కాపాడే ఏర్పాటు తక్కువ. అందుకే పొడిదనం మొదట అక్కడ కనిపిస్తుంది, దాదాపు ఈ మందు వాడే వారందరిలోనూ కనిపిస్తుంది. పెదవులు ఏమాత్రం ఎండడం లేదని రోగి చెబితే, క్యాప్సూల్ క్రమంగా వేసుకుంటున్నారా, భోజనంతో కలిపి వేసుకుంటున్నారా అని వైద్యులు ఆరా తీయడం కూడా కద్దు. ఈ మందు కొవ్వు ఉన్న ఆహారంతో తీసుకున్నప్పుడు ఒంటికి బాగా పడుతుంది.

ఒక ఉదాహరణ చూస్తే విషయం తేలికగా బోధపడుతుంది. విజయవాడలో చదువుకుంటున్న 60 కిలోల బరువున్న ఒక యువకుడికి నవంబరు మొదట్లో రోజుకు 30 మిల్లీగ్రాముల మోతాదు రాశారనుకుందాం. కిలో బరువుకు సగం మిల్లీగ్రాము చొప్పున ఇది మామూలుగా ఇచ్చే మోతాదే. చికిత్స మొత్తం మీద కిలోకు 120 మిల్లీగ్రాములు అందాలని వైద్యుడు లక్ష్యంగా పెట్టుకుంటే, మొత్తం 7,200 మిల్లీగ్రాములు కావాలి. రోజుకు 30 చొప్పున అది 240 రోజులకు, అంటే దాదాపు ఎనిమిది నెలలకు పూర్తవుతుంది. ఆ యువకుడి చికిత్స చలికాలంలో మొదలై, రోహిణి కార్తె ఎండలను దాటి, జూన్ చివరికి ముగుస్తుంది. పొడిగాలి, మండుటెండ రెండింటినీ అతని చర్మం ఈ మందుతోనే ఎదుర్కోవాలి.

పాత అలవాట్లు మానడమే తొలి మెట్టు

అప్పటి వరకు ఆ యువకుడు ముఖం జిడ్డుగా ఉందని రోజుకు నాలుగైదు సార్లు సబ్బుతో కడిగేవాడు. మొటిమల కోసం అమ్మే సాలిసిలిక్ ఆమ్లం ఫేస్‌వాష్, రాత్రి పూట బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ వాడేవాడు. క్యాప్సూల్ మొదలైన తరువాత కూడా వాటిని కొనసాగించడంతో రెండో వారానికి బుగ్గలు ఎర్రబడి మంట మొదలైంది. ఈ పదార్థాలన్నీ జిడ్డును తొలగించేవి, చర్మాన్ని ఒలిచేవి. ఆ పనిని లోపలి నుంచి మందు చేస్తున్నప్పుడు పైనుంచి మళ్లీ చేస్తే చర్మం తట్టుకోలేదు. వైద్యులు ప్రత్యేకంగా చెబితే తప్ప మొటిమల జెల్లులు, స్క్రబ్బులు, టోనర్లు పక్కన పెట్టాలి. నలుగుపిండితో రుద్దడం, నిమ్మరసం రాయడం, ముఖానికి ఆవిరి పట్టడం, ముల్తానీ మట్టి పూతలు కూడా ఈ నెలల్లో తగవు.

ముఖం కడుక్కోవడం రోజుకు రెండు సార్లు చాలు. మామూలు సబ్బుకు క్షారగుణం ఎక్కువ. ఆరోగ్యకరమైన చర్మం స్వల్పంగా ఆమ్లగుణంతో ఉంటుంది. అందువల్ల సబ్బు పదార్థం లేని, సువాసన కలపని, నురుగు తక్కువగా వచ్చే క్లెన్సర్‌ను ఎంచుకోవడం మేలు. మందుల దుకాణాల్లో ఇవి ద్రవరూపంలోనూ, బిళ్లల రూపంలోనూ దొరుకుతాయి. గోరువెచ్చని లేదా చల్లని నీటితో, వేళ్ల కొసలతో మాత్రమే కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవాలి. కడిగిన పది నిమిషాలకు ముఖం బిగుసుకుపోతే ఆ క్లెన్సర్ ఘాటుగా ఉన్నట్లే. స్నానానికి వేడి నీళ్లు తగ్గించడం కూడా ఒంటి చర్మానికి మంచిది.

తడి ఆరకముందే మాయిశ్చరైజర్

మొటిమలు ఉన్నవారు క్రీము రాస్తే జిడ్డు పెరుగుతుందని భయపడడం సహజం. నూనె ఊరడమే తగ్గిపోయిన చర్మానికి ఆ భయం అక్కరలేదు. గ్లిజరిన్, సెరమైడ్ల వంటి పదార్థాలు ఉండి, రంధ్రాలను మూయనిదని డబ్బాపై రాసిన, సువాసన లేని క్రీమును ఎంచుకోవాలి. జెల్ రకాల కంటే క్రీము రకాలు ఈ కాలంలో ఎక్కువ సేపు నిలుస్తాయి. కొబ్బరి నూనె కొందరిలో రంధ్రాలను మూసివేయవచ్చు కనుక ముఖానికి రాయకపోవడం మంచిది.

ఎప్పుడు రాస్తున్నారన్నదీ ముఖ్యమే. ముఖం కడిగి అద్దుకున్న తరువాత, చెమ్మ ఇంకా మిగిలి ఉన్న రెండు మూడు నిమిషాల్లోనే రాస్తే ఆ తేమ లోపల నిలుస్తుంది. పూర్తిగా ఎండిన ముఖంపై రాసిన క్రీము అంతగా ఉపకరించదు. మన ఉదాహరణలోని యువకుడికి తొలి రోజుల్లో క్రీము రాసినా మంట పుట్టింది. అతను క్రీమును తప్పుపట్టాడు. నిజానికి అప్పటికే ఘాటైన ఫేస్‌వాష్‌తో చర్మపు పైపొర దెబ్బతిని ఉంది. ఆ ఫేస్‌వాష్, జెల్ మానేసి వారం రోజులు కేవలం క్లెన్సర్, క్రీము వాడిన తరువాత అదే క్రీము మంట పుట్టించలేదు. అలా మానేసిన తరువాత కూడా మంట తగ్గకపోతే ఆ క్రీము పడలేదని భావించి వైద్యునికి చూపాలి.

పెదవులకు పగలూ రాత్రీ పూత

పెదవులు ఎండగానే నాలుకతో తడుపుకోవడం చాలా మందికి తెలియకుండా జరిగే పని. ఉమ్మి ఆరిపోతూ ఉన్న తేమను కూడా తీసుకుపోతుంది, అందులోని రసాలు చర్మాన్ని మరింత రేపుతాయి. లేచిన పొట్టును గిల్లడం వల్ల పగుళ్లు లోతుగా దిగి రక్తం వస్తుంది. దీనికి అన్నిటికంటే చవకైన, మేలైన మందు సాదా పెట్రోలియం జెల్లీ. పొడిదనం కనిపించే వరకు ఆగకుండా, ఉదయం లేవగానే, భోజనానికి ముందు, తరువాత, మధ్యమధ్యలో, నిద్రకు ముందు దట్టంగా రాయాలి. రోజుకు ఎనిమిది పది సార్లు రాయవలసి వచ్చినా అది ఎక్కువ కాదు. భోజనానికి ముందు రాసిన పూత ఆవకాయ కారం పగుళ్లలోకి దిగకుండా అడ్డుపడుతుంది. చల్లగా అనిపించే మెంథాల్, కర్పూరం, దాల్చినచెక్క సువాసనలు కలిపిన లిప్‌బామ్‌లు పగిలిన పెదవులను మరింత మండిస్తాయి. ముక్కు లోపల ఎండి రక్తం వస్తుంటే ముందుభాగంలో అదే జెల్లీని పలుచగా రాయవచ్చు.

పెదవుల మూలల్లో పగుళ్లు వారం దాటినా మానకపోయినా, తేనె రంగు పొక్కులు కట్టినా, రసి కారినా అది సూక్ష్మజీవుల వల్ల కావచ్చు, వైద్యునికి చూపాలి. ఇలాంటప్పుడు దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన పూతమందులు ప్రమాదకరం. వైద్యులు అవసరమనుకుంటే ఏది, ఎన్ని రోజులు అన్నది వారే చెబుతారు.

ఎండ మిగిల్చే మచ్చ

చలికాలమంతా నిలదొక్కుకున్న ఆ యువకుడికి మార్చిలో కొత్త చిక్కు వచ్చింది. ద్విచక్ర వాహనంపై మధ్యాహ్నం ఇంటికి వెళ్లిన రోజుల్లో ముక్కు, చెంపల పైభాగం ఎర్రబడి, ఆ తరువాత నల్లబడ్డాయి. పలచబడిన పైపొర ఎండను తట్టుకోలేకపోవడమే ఇందుకు కారణం. మన చామనఛాయ చర్మంలో ఎండ దెబ్బ తరచుగా నలుపు రూపంలో నిలుస్తుంది. మానుతున్న మొటిమల మచ్చలు కూడా ఎండ తగిలితే మరింత ముదురుతాయి. మొటిమలు పోయి మచ్చలు మిగలడం రోగిని కుంగదీస్తుంది.

ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించిన, అతినీలలోహిత-ఎ కిరణాల నుంచి కూడా రక్షణ ఇచ్చే సన్‌స్క్రీన్‌ను మాయిశ్చరైజర్ తరువాత, బయటికి వెళ్లే ముందు రాయాలి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలుగా తీసుకుంటే ముఖానికి, మెడకు సరిపోతుంది. చాలా మంది ఇందులో సగం కూడా రాయరు. బయట ఉంటే రెండు గంటలకు ఒకసారి, చెమట బాగా పడితే ఇంకా ముందే మళ్లీ రాయాలి. కళ్ల దగ్గర మండుతుంటే జింక్ ఆక్సైడ్ ఆధారంగా చేసిన రకం నయం. కింది పెదవికీ ఎండ సూటిగా తగులుతుంది కనుక పగటి పూట సన్‌స్క్రీన్ కలిసిన లిప్‌బామ్ వాడాలి. వీలైతే నడిమధ్యాహ్నం ప్రయాణాలు తగ్గించుకోవాలి, టోపీ లేదా గొడుగు వాడాలి.

వ్యాక్సింగ్ చేయించుకుంటే రోమాలతో పాటు చర్మపు పొర కూడా ఊడి రావచ్చు. చికిత్స కాలంలోనూ, ముగిసిన తరువాత ఆరు నెలల వరకూ దానికి దూరంగా ఉండాలి. పెళ్లి ముహూర్తం దగ్గరలో ఉన్నవారు ఈ గడువును ముందే లెక్కవేసుకోవడం అవసరం.

పూతలతో తీరనివి

కొన్ని విషయాలు చర్మ సంరక్షణ పరిధిలోకి రావు. గర్భిణులు ఈ మందు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడరాదు. ఇది శిశువుకు తీవ్రమైన అవకరాలు కలిగిస్తుంది. గర్భం దాల్చే అవకాశం ఉన్న మహిళలు చికిత్సకు నెల ముందు నుంచి, ముగిసిన నెల తరువాత వరకు గర్భనిరోధం పాటించాలి. ఈ కాలంలో స్త్రీపురుషులెవరూ రక్తదానం చేయరాదు, క్యాప్సూళ్లను మరొకరికి ఇవ్వరాదు. విటమిన్-ఎ మాత్రలు అదనంగా వాడరాదు. మొటిమలకే ఇచ్చే డాక్సీసైక్లిన్ వర్గం మందులను దీనితో కలపరాదు. చూపు మసకబారుతూ తీవ్రమైన తలనొప్పి వచ్చినా, మనసు అకారణంగా కుంగిపోతున్నా వెంటనే వైద్యుని కలవాలి. కాలేయం, రక్తంలోని కొవ్వుల పరీక్షలు వైద్యులు చెప్పిన సమయానికి చేయించుకోవాలి.

పొడిదనం భరించలేని స్థాయికి చేరితే సొంతంగా మందు ఆపకుండా వైద్యునికి చెప్పాలి. మోతాదు తగ్గించి, చికిత్స కాలాన్ని పొడిగించే వీలు వారికి ఉంటుంది. ఆఖరి క్యాప్సూల్ వేసుకున్న కొన్ని వారాల్లో పెదవులు, చర్మం క్రమంగా మామూలు స్థితికి వస్తాయి. అప్పటి వరకు ఆ యువకుడి అలమారలో ఉండవలసినవి నాలుగే: మృదువైన క్లెన్సర్, సువాసన లేని క్రీము, సన్‌స్క్రీన్, పెట్రోలియం జెల్లీ.