పేరాకు శీర్షిక, మాటకు ఎర

ఐఈఎల్‌టీఎస్ రీడింగ్ పరీక్షలో పేరాలకు శీర్షికలు జతచేసే ప్రశ్న ఒకటి ఉంటుంది. పేరాల కంటే శీర్షికలే ఎక్కువ ఇస్తారు కాబట్టి కొన్ని మిగిలిపోతాయి. ఆ మిగిలేవే ఎరలు. పేరాలోని మాటనే ఎత్తి చూపిస్తాయి గానీ పేరా సారాన్ని చెప్పవు.

లైట్‌హౌస్‌ల మీద ఒక పేరా ఉందనుకుందాం. మొదట్లో కట్టెలు, బొగ్గు మండించేవారు, ఇంధనం ఖర్చు ఎక్కువ, అయినా వెలుగు దూరం పోయేది కాదు అని రెండు మూడు వాక్యాలు. ఆ తర్వాత 'అయితే' అని మలుపు. 1823లో ఫ్రాన్స్‌లోని కొర్డువాన్ లైట్‌హౌస్‌లో ఫ్రెనెల్ కటకాన్ని అమర్చారనీ, చెదిరిపోయే వెలుగును అది ఒకే దిక్కుకు మళ్లించిందనీ మిగతా పేరా.

'ఇంధనం ఖర్చు భారం' అన్న శీర్షిక కనబడగానే చెయ్యి అటే పోతుంది, ఆ మాటలు పేరాలో ఉన్నాయి మరి. సరైనది 'పాత ఇబ్బందికి కొత్త ఉపాయం'. ఇందులోని మాట ఒక్కటీ పేరాలో లేదు.

తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఖర్చు గురించిన వాక్యాన్ని తీసేసి చదివినా పేరా నిలుస్తుంది. కటకం వాక్యాలు తీసేస్తే మాత్రం కుప్పకూలుతుంది. అందుకే శీర్షికలు చూడకముందే పేరా సారాన్ని సొంత మాటల్లో నాలుగైదు పదాలకు కుదించుకోవడం మేలు. మొదటి వాక్యాన్నే నమ్ముకోమనే కిటుకు ఇలాంటి మలుపు దగ్గరే బోల్తా కొడుతుంది. రెండు శీర్షికల మధ్య తేలకపోతే రెండూ పక్కన రాసుకుని ముందుకు సాగాలి. తర్వాతి పేరా వాటిలో ఒకదాన్ని తీసేసుకోవచ్చు.