కొనేవాడికి అమ్మేవాడు ఎదురుపడని బేరం

షేర్ మార్కెట్‌లో మీరొక షేరు కొనాలంటే, అదే సమయంలో అమ్మడానికి ఎవరో ఒకరు సిద్ధంగా ఉండాలి. ఇంతకైతే కొంటామన్నవాళ్ల ఆర్డర్లు ఒకవైపు, ఇంతకు తగ్గితే అమ్మమన్నవాళ్ల ఆర్డర్లు మరోవైపు ఎక్స్ఛేంజ్‌లో వరసగా చేరుతుంటాయి. దాన్నే ఆర్డర్ బుక్ అంటారు. రెండు ధరలూ కలిసినచోట ఎక్స్ఛేంజ్ కంప్యూటర్ బేరం ముగిస్తుంది. మధ్యలో మార్కెట్ మేకర్లు ఉంటారు. కొనుగోలు ధర, అమ్మకం ధర రెండూ ఎప్పుడూ చెబుతూ, క్షణక్షణం వాటిని మార్చుకుంటూ మార్కెట్‌ను నడిపించేది వాళ్లే.

ఇదే పద్ధతిని ఇథీరియం బ్లాక్‌చైన్ మీద పెట్టబోతే ఇబ్బంది వచ్చింది. అక్కడ ఆర్డర్ పెట్టినా, మార్చినా, రద్దు చేసినా ప్రతిదీ ఒక లావాదేవీ. ప్రతిదానికీ గ్యాస్ అనే రుసుము కట్టాలి, తర్వాతి బ్లాక్ వచ్చేదాకా ఆగాలి. ఒక్కో బ్లాక్‌కు పన్నెండు, పదిహేను సెకన్లు పట్టే చోట క్షణక్షణం ధర మార్చుకునే మార్కెట్ మేకర్ నిలబడలేడు. అతను లేకపోతే ఆర్డర్ బుక్ ఖాళీగా పడి ఉంటుంది.

అసలు ఆర్డర్లే అక్కర్లేదన్న ఆలోచన ఇక్కడే పుట్టింది. ఇథీరియం సృష్టికర్తల్లో ఒకరైన విటాలిక్ బుటెరిన్ దీని గురించి రాశారు. సీమెన్స్‌లో ఉద్యోగం పోయిన హేడెన్ ఆడమ్స్ అనే యువ మెకానికల్ ఇంజనీరు కోడింగ్ నేర్చుకుంటూ దాన్ని చేసి చూపించాడు. 2018 నవంబరులో విడుదలైన ఆ ప్రోగ్రామే యూనిస్వాప్. దాని గుండెకాయ ఒక్క వరుస:

```
x * y = k
```

ఒక పూల్ తీసుకుందాం. అందులో రెండు టోకెన్లు ఉన్నాయి: 100 ఈథర్, 2,00,000 యూఎస్‌డీసీ. యూఎస్‌డీసీ అంటే ఒక్కోటి ఒక డాలరు విలువ ఉండేలా చూసే టోకెన్. x ఈథర్ల సంఖ్య, y డాలర్ల సంఖ్య. రెండింటినీ గుణిస్తే 2 కోట్లు. అదే k. బేరం ఏదైనా సరే, ముగిసేసరికి ఈ లబ్ధం తగ్గకూడదు. ప్రోగ్రామ్‌కు తెలిసిన నియమం ఇదొక్కటే. ధర ఎంత అని అది ఎవరినీ అడగదు. రెండు నిల్వల నిష్పత్తే ధర, అంటే ఇప్పుడు ఈథర్ 2,000 డాలర్లు.

ఒకరు వచ్చి 1 ఈథర్ కావాలన్నారు. పూల్‌లో 99 మిగులుతాయి. లబ్ధం 2 కోట్లే ఉండాలంటే డాలర్ల వైపు 2,02,020 ఉండాలి. అంటే ఆయన 2,020 డాలర్లు వేయాలి. దీనికి 0.3 శాతం ఫీజు కలిస్తే సుమారు 2,026. అవతల అమ్మేవాడి కోసం వెతకలేదు, ఎదురుచూడలేదు. బేరం జరిగింది పూల్‌తో.

ఇప్పుడు అదే పూల్‌లో ఒకేసారి 10 ఈథర్లు అడిగారనుకోండి. మిగిలేవి 90. డాలర్లు 2,22,222 కావాలి. ఫీజు వదిలేసినా ఒక్కో ఈథర్‌కు సగటున 2,222 డాలర్లు పడింది. 50 అడిగితే ఒక్కోటి 4,000. తీసేకొద్దీ మిగిలినది అంతకంతకూ ప్రియమవుతుంది కాబట్టి ఎంత డబ్బు తెచ్చినా పూల్‌ను పూర్తిగా ఖాళీ చేయలేరు. నాకు ఈ సూత్రంలో అన్నిటికంటే నచ్చేది ఇదే. ఎవరి కాపలా లేకుండానే నిల్వ తనను తాను కాపాడుకుంటుంది. కానీ అందుకు మూల్యం కట్టేది చిన్న పూల్‌లో పెద్ద బేరం చేసినవాడు. బేరం పరిమాణం వల్లే ధర ఇలా జరగడాన్ని ప్రైస్ ఇంపాక్ట్ అంటారు. స్వాప్ నొక్కే ముందు తెర మీద ఆ శాతం కనిపిస్తుంది. అది ఒకటి రెండు శాతం దాటుతోందంటే మీ బేరానికి ఆ పూల్ చాలదన్నమాట.

10 ఈథర్లు తీసిన తర్వాత పూల్‌లో ధర దాదాపు 2,469కి చేరింది. బయట ఎక్స్ఛేంజ్‌లలో ఇంకా 2,000 మాత్రమే. తేడా కనిపెట్టిన ఆర్బిట్రాజర్ బయట కొని ఇక్కడ అమ్ముతాడు. రెండు ధరలూ దగ్గరపడేదాకా అమ్ముతూనే ఉంటాడు. బయటి ప్రపంచంలో ధర ఎంతో పూల్‌కు తెలిసేది ఈ లాభం వేటగాళ్ల వల్లే. వాళ్లు లేకపోతే పూల్ ధరకు అర్థం లేదు.

మరి పూల్‌లో ఆ టోకెన్లు ఎక్కడివి? మనలాంటివాళ్లు వేసినవే. వాళ్లను లిక్విడిటీ ప్రొవైడర్లు అంటారు. రెండు టోకెన్లనూ సమాన విలువలో వేయాలి. వసూలైన ఫీజులో ఎక్కువ భాగం వాళ్ల వాటాల ప్రకారం వాళ్లకు చేరుతుంది. ఇది వినగానే ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదని చాలామంది అనుకుంటారు. అసలు చిక్కు ఇక్కడుంది.

మన పూల్‌లో ఒకావిడ పదో వంతు వేసిందనుకుందాం: 10 ఈథర్లు, 20,000 డాలర్లు. మొత్తం విలువ 40,000. కొన్నాళ్లకు బయట ఈథర్ ధర 8,000కు పెరిగింది. పూల్ ధర కూడా అక్కడికి చేరేదాకా ఆర్బిట్రాజర్లు ఈథర్‌ను తీసుకుపోతారు. చివరికి మిగిలేది 50 ఈథర్లు, 4,00,000 డాలర్లు. గుణించి చూడండి, 2 కోట్లే. ఆవిడ వాటా 5 ఈథర్లు, 40,000 డాలర్లు, కలిపి 80,000. రెట్టింపైందని సంతోషించే లోపు ఇంకో లెక్క వేయాలి. ఏమీ చేయకుండా తన దగ్గరే ఉంచుకుని ఉంటే 10 ఈథర్లకు 80,000, డాలర్లు 20,000, మొత్తం లక్ష. ఐదో వంతు జారిపోయింది. ధర నాలుగో వంతుకు పడిపోయినా ఇంతే. అప్పుడు పూల్‌లో ఆమె వాటా 20,000, ఉంచుకుని ఉంటే 25,000.

కారణం సూత్రంలోనే ఉంది. పెరిగే టోకెన్‌ను పూల్ అమ్ముతూ పోతుంది, పడిపోయేదాన్ని కొంటూ పోతుంది. ధర మళ్లీ మొదటి చోటికి వస్తే ఈ లోటు మాయమవుతుంది కాబట్టి దీనికి ఇంపర్మనెంట్ లాస్ అని పేరు పెట్టారు. ధర తిరిగి రాకముందే బయటికి తీసుకుంటే మాత్రం అది ఖాయమైన నష్టమే. దాన్ని పూడ్చాల్సింది ఫీజు. ఆ ఫీజు వచ్చేది బేరాలు జోరుగా సాగితేనే. 2021లో వచ్చిన యూనిస్వాప్ మూడో రూపంలో, తమ డబ్బు ఫలానా ధరల మధ్యే పనిచేయాలని ఎంచుకోవచ్చు. ఫీజు పెరుగుతుంది, దాంతో పాటు ఈ లోటూ పెరుగుతుంది. ధర ఆ హద్దు దాటితే ఫీజు అసలే రాదు.

స్వాప్ చేసేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. మీ లావాదేవీ బ్లాక్‌లోకి ఎక్కేముందు బహిరంగ వరుసలో వేచి ఉంటుంది. దాన్ని చూసిన బాట్ మీకంటే ముందు కొని ధర పెంచి, మీరు కొన్న మరుక్షణం అమ్మేస్తుంది. దీన్నే శాండ్‌విచ్ అంటారు. అది మీ నుంచి ఎంత లాగగలదో తేల్చేది మీరు పెట్టిన స్లిపేజ్ హద్దు. ధర ఎంత శాతం జరిగినా ఫరవాలేదో చెప్పే అంకె అది. 5 శాతం పెట్టారంటే ఆ 5 శాతం బాట్‌కు వదిలేసినట్టే.

పూల్ ఎవరైనా తెరవవచ్చు, అనుమతి అక్కర్లేదు. కొత్త టోకెన్ సృష్టించి, పూల్ పెట్టి, జనం డబ్బు చేరాక తెరిచినవాళ్లే మొత్తం ఊడ్చుకుపోయిన ఉదంతాలు ఎన్నో ఉన్నాయి. సూత్రం సరిగ్గానే పనిచేస్తుంది, చేతిలో మిగిలే టోకెన్‌కే విలువ ఉండదు.

నా అభిప్రాయం ఇది. లోతైన పూల్‌లో, పేరున్న టోకెన్ల మధ్య చిన్న మార్పిడికి ఈ యంత్రం చక్కగా పనికొస్తుంది. పూల్‌లో డబ్బు వేయడం మాత్రం వడ్డీ కోసం దాచుకోవడం కాదు, రోజూ లెక్క చూసుకోవాల్సిన వ్యాపారం. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను ఉంది, ఒక టోకెన్‌లో వచ్చిన నష్టాన్ని మరో టోకెన్ లాభంలో తగ్గించుకునే వీలు లేదు. వేయదలచినవాళ్లు ఫీజును, ఇంపర్మనెంట్ లాస్‌ను లెక్కేసుకున్న కాగితం మీదే ఆ పన్నును కూడా రాసుకోండి.