రాత్రి 2:41కి ఒక లాగిన్

విండోస్ కంప్యూటర్‌లోకి ఎవరు లాగిన్ అయినా ఆ సంగతి సెక్యూరిటీ లాగ్‌లో 4624 అనే నంబరుతో నమోదవుతుంది. పాస్‌వర్డ్ తప్పు కొడితే 4625 పడుతుంది. చొరబాటు అనగానే చాలామంది 4625ల వరద ఊహించుకుంటారు. నెమ్మదిగా పనిచేసే దొంగ విషయంలో ఒక్క 4625 కూడా ఉండకపోవచ్చు. అతని దగ్గరున్నది సరైన పాస్‌వర్డే కాబట్టి ప్రతి అడుగూ సక్రమమైన 4624గానే కనిపిస్తుంది. అలాంటప్పుడు వెతకవలసింది తప్పు పడిన లాగిన్‌ను కాదు, ఉండకూడని చోట ఉన్న లాగిన్‌ను.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక మందుల ఫ్యాక్టరీ ఉందనుకుందాం. ఫ్యాక్టరీ కల్పితమే, కానీ ఇందులోని ప్రతి అడుగూ ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు పరిచయమైనదే. దాని సర్వర్ల లాగ్‌లన్నీ హైదరాబాద్‌లోని ఒక మానిటరింగ్ కేంద్రానికి చేరతాయి. అక్కడ నైట్ షిఫ్ట్‌లో ఉన్న ఎనలిస్టు ముందుకు ఈ ఎంట్రీ వచ్చింది. అలర్ట్ ఏదీ మోగలేదు, జాబితా చూస్తుంటే కంటపడిందంతే.

```
Computer: BKP-01
EventID: 4624   LogonType: 3
TimeCreated: 21:11:07Z
TargetUserName: svc_backup
WorkstationName: QC-HPLC-07
```

svc_backup మనిషి అకౌంట్ కాదు, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కోసం పెట్టినది. రోజూ రాత్రి 11 గంటలకు BKP-01 అనే సర్వర్ ఈ అకౌంట్‌తో మిగతా సర్వర్లలోకి వెళ్లి డేటా తెచ్చుకుంటుంది. ఇక్కడ దిశ తిరగబడింది. క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో మందు స్వచ్ఛతను కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రానికి కట్టిన కంప్యూటర్, బ్యాకప్ అకౌంట్ పేరుతో బ్యాకప్ సర్వర్‌లోకే వచ్చింది.

అనుమానం రాగానే దొంగ అనుకోకూడదు, ముందు మామూలు కారణాలు వెతకాలి. వాటిలో మొదటిది గడియారం. లాగ్‌లో సమయం చివర Z ఉంటే అది గ్రీనిచ్ లెక్క, దానికి అయిదున్నర గంటలు కలపాలి. 21:11ని మన సమయం అనుకుంటే రాత్రి తొమ్మిది దాటింది, ఎవరో ఆఫీసులో ఉండి ఉంటారని సరిపెట్టుకోవచ్చు. నిజానికది తెల్లవారుజామున 2:41. ఈ ఒక్క పొరపాటుతో మూసేసిన కేసులు తక్కువేం కాదు. రెండో కారణం ఐటీ సిబ్బందిలో ఎవరైనా ఆ అకౌంట్‌ను వాడి ఉండటం. డ్యూటీలో ఉన్నతనికి ఫోన్ చేస్తే ఎవరూ వాడలేదన్నాడు. మూడోది అలవాటు. గత 90 రోజుల్లో QC-HPLC-07 నుంచి svc_backup ఎప్పుడైనా వచ్చిందా అని వెతికితే ఒక్కసారీ లేదు.

ఇక వెనక్కి నడవాలి. 2:41కి ముందు ఆ ల్యాబ్ కంప్యూటర్‌లో ఎవరున్నారు? ఇలాంటి యంత్రాల కంప్యూటర్లు తరచూ పాత విండోస్‌తోనే నడుస్తుంటాయి. అప్‌డేట్ చేస్తే మొత్తం వ్యవస్థను మళ్లీ వ్యాలిడేట్ చేయాలి కనుక ఎవరూ కదిలించరు. మామూలు సెట్టింగ్‌లో విండోస్ సెక్యూరిటీ లాగ్ 20 ఎంబీ వరకే నిలుస్తుంది, నిండాక పాతవాటి మీదే కొత్తవి రాస్తుంది. అదృష్టం కొద్దీ ఆ రాత్రి ఎంట్రీలు ఇంకా చెరిగిపోలేదు. 2:27కి LogonType 10, అంటే దూరం నుంచి తెర తెరుచుకుని వచ్చిన లాగిన్. అకౌంట్ ఆ యంత్రానికి సర్వీస్ చేసే కంపెనీ ఇంజనీరుది. వీపీఎన్ లాగ్‌లో అదే అకౌంట్ 2:24కి లోపలికి వచ్చింది. రిపేరు అవసరమైనప్పుడు దూరం నుంచి చూడటానికి ఇచ్చిన అకౌంట్ అది, దానికి ఓటీపీ పెట్టలేదు.

దారి తెలిసింది. కానీ సర్వీస్ ఇంజనీరు అకౌంట్‌తో వచ్చినవాడికి బ్యాకప్ పాస్‌వర్డ్ ఎలా దొరికింది? ఈ కథలో అసలు కిటుకు ఇదే. కంపెనీ నెట్‌వర్క్‌లో లాగిన్ అయిన ఎవరైనా ‘ఫలానా సర్వీసును వాడుకోవడానికి టికెట్ ఇవ్వు’ అని డొమైన్ కంట్రోలర్‌ను అడగవచ్చు. ఆ సర్వీసును వాడే హక్కు అడిగేవాడికి ఉందా లేదా అని కంట్రోలర్ చూడదు, టికెట్ ఇచ్చేస్తుంది. టికెట్‌లో కొంత భాగం ఆ సర్వీస్ అకౌంట్ పాస్‌వర్డ్ నుంచి పుట్టిన తాళంతో మూసి ఉంటుంది. దొంగ దాన్ని తన కంప్యూటర్‌కు తీసుకెళ్లి, లక్షల కొద్దీ పాస్‌వర్డ్‌లు ఒక్కొక్కటే పెట్టి చూస్తాడు. ఆ ప్రయత్నమంతా ఫ్యాక్టరీ బయట జరుగుతుంది కాబట్టే ఇక్కడ 4625 పడదు. ఈ పద్ధతిని కెర్బరోస్టింగ్ అంటారు.

ఫ్యాక్టరీలో మిగిలే గుర్తు ఒక్కటే, డొమైన్ కంట్రోలర్ లాగ్‌లో 4769. టికెట్ అడిగిన ప్రతిసారీ ఇది పడుతుంది, రోజుకు వేల సంఖ్యలో ఉంటాయి. ఎన్‌క్రిప్షన్ రకం అనే గడిలో మామూలుగా 0x12, అంటే గట్టి తాళం ఉంటుంది. సులువుగా విప్పగల పాత తాళం కావాలంటే దొంగ 0x17 అడుగుతాడు. పాత సాఫ్ట్‌వేర్లు కూడా 0x17 అడుగుతాయి కనుక అదొక్కటే రుజువు కాదు. కానీ 19 రోజుల కిందట ఒక రాత్రి ఆ ఇంజనీరు అకౌంట్ ఒక్క నిమిషంలో తొమ్మిది సర్వీస్ అకౌంట్లకు 0x17 టికెట్లు అడిగింది. హెచ్‌పీఎల్‌సీ బాగుచేసే మనిషికి తొమ్మిది సర్వీసులతో పనేముంటుంది?

చేరిన చోటు బ్యాకప్ సర్వర్ కావడమే ఇందులో భయపెట్టే సంగతి. డేటాను తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ ముఠాలు ముందు బ్యాకప్‌ను చెరిపేస్తాయి, లేకపోతే బాధితుడు డబ్బు కట్టడు. హైదరాబాద్ కేంద్రంగా నడిచే డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ 2020 అక్టోబరు 22న సైబర్ దాడి కారణంగా డేటా సెంటర్ సేవలన్నిటినీ విడదీసింది. అది రాన్సమ్‌వేరేనని తరవాత కంపెనీ ధ్రువీకరించింది. అదే నగరంలోని మహేశ్ కో–ఆపరేటివ్ అర్బన్ బ్యాంక్ ఉద్యోగులకు 2021 నవంబరులో మోసపు మెయిళ్లు వచ్చాయి. సుమారు 12 కోట్ల రూపాయలు పోయింది మాత్రం 2022 జనవరిలో, ఒక వారాంతంలో. మధ్యలో గడిచిన రెండు నెలలే ఎనలిస్టుకు దొరికే గడువు.

కల్పిత ఫ్యాక్టరీలో ఆ గడువు ఇంకా మిగిలే ఉంది. కంప్యూటర్ ఆపేస్తే మెమరీలోని సాక్ష్యం పోతుంది, కనుక ఆపకుండా నెట్‌వర్క్ నుంచి తప్పించాలి. ఎనలిస్టు ల్యాబ్ షిఫ్ట్ ఇన్‌చార్జికి ఫోన్ చేస్తే, “శాంపిల్స్ రన్‌లో ఉన్నయి సార్, పొద్దున ఏడు దాకా. ఇప్పుడు కేబుల్ పీకితే రన్ మొత్తం పోతది” అన్నాడు. ఆ కంప్యూటర్ వెనక రెండు కేబుళ్లు ఉంటాయి, ఒకటి యంత్రానికి, రెండోది కంపెనీ నెట్‌వర్క్‌కు. గోడ సాకెట్‌లోకి వెళ్లే రెండోదాన్ని మాత్రం తీయించి, తీసిన సమయాన్ని ల్యాబ్ లాగ్‌బుక్‌లో రాయించారు. ఆ లాగ్‌బుక్‌లో కారణం లేని ఖాళీ కనిపిస్తే రేపు ఔషధ తనిఖీ అధికారులు అడుగుతారు. ఇంజనీరు అకౌంట్‌నూ svc_backupనూ ఒకే నిమిషంలో మూసేశారు. ఒకటి ముందు, ఒకటి వెనక అయితే దొంగకు సంగతి తెలిసిపోతుంది. టికెట్లు పోయిన మిగతా ఎనిమిది అకౌంట్ల పాస్‌వర్డ్‌లూ మార్చారు. వాటిని విండోసే నిర్వహించే అకౌంట్లుగా మారిస్తే పాస్‌వర్డ్ 120 అక్షరాలుంటుంది, 30 రోజులకోసారి తానే మారుతుంది. అంత పొడవున్నదాన్ని విప్పడం ఆచరణలో సాధ్యం కాదు.

సెర్ట్–ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి సంఘటనను గమనించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలపాలి. లాగ్‌లను 180 రోజులు దాచాలి, గడియారాలన్నీ అధికారిక సమయంతో కలిసి ఉండాలి. 19 రోజుల కిందటి ఎంట్రీ దొరికింది అలా దాచిన లాగ్‌ల వల్లే. అయితే ఇంజనీరు పాస్‌వర్డ్ దొంగ చేతికి ఎప్పుడు, ఎక్కడ పోయిందో ఫ్యాక్టరీ లాగ్‌లు చెప్పలేవు. అది సర్వీస్ కంపెనీ ల్యాప్‌టాప్‌లో జరిగి ఉండాలి, ఆ ల్యాప్‌టాప్ లాగ్‌లు అడిగి తీసుకోవాలి. ఆ ఇంజనీరు ఇదే పారిశ్రామికవాడలో ఇంకెన్ని ల్యాబ్‌లకు అదే పాస్‌వర్డ్‌తో వెళ్తున్నాడన్నది తెల్లవారాక మొదట అడగవలసిన ప్రశ్న.